మిర్చి బేరంలో దుబాసీ: ధర, డెలివరీ, చెల్లింపు షరతులు రెండో భాషలోకి వెళ్లే తీరు

గుంటూరు మిర్చి యార్డులో ఎవరైనా "తేజ పదహారున్నరకి కొన్నా" అంటే పక్కనున్నవాళ్లు "పదహారున్నర ఏంటి?" అని అడగరు. క్వింటాలు పదహారు వేల అయిదొందల రూపాయలని అందరికీ తెలుసు. వేలనీ, రూపాయలనీ, క్వింటాలనీ విడిగా చెప్పనక్కర్లేదు కాబట్టే అక్కడ బేరం చకచకా తెగిపోతుంది. బ్రిటన్‌లో మసాలా దినుసులు దిగుమతి చేసుకునే వ్యాపారిదీ ఇదే పద్ధతి. ఆయన "ట్వంటీ వన్ ఫిఫ్టీ" అన్నాడంటే మెట్రిక్ టన్నుకు రెండు వేల నూట యాభై డాలర్లని, ఫలానా రేవు దాకా అని, ఆయన లోకంలో చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒకరికి ఇంగ్లీషు, ఒకరికి తెలుగు రాకపోతే మధ్యలో దుబాసీ కావాలి. ఒకరు మాట్లాడి ఆగాక ఆ మాటను రెండో భాషలో చెప్పడం, మళ్లీ అవతలివారి జవాబును ఇటు తేవడం ఇక్కడ పని. దీన్ని కన్సెక్యూటివ్ ఇంటర్‌ప్రిటింగ్ అంటారు. సభల్లో అద్దాల గదిలో కూర్చుని, ఉపన్యాసం సాగుతుండగానే హెడ్‌ఫోన్లలోకి అనువదించే పద్ధతి వేరు. బేరానికి అది నప్పదు. బేరంలో ఆగడం, ఆలోచించడం, కాగితం మీద లెక్క వేసుకోవడం ఉంటాయి.

ఈ పనిలో పొరపాట్లు ఎక్కువగా తెలియని మాటల దగ్గర జరుగుతాయని అనుకుంటారు. నిజానికి తెలియని మాట వస్తే దుబాసీ ఆగి అడుగుతారు, కాబట్టి అక్కడ ప్రమాదం తక్కువ. చెప్పకుండా వదిలేసిన ముక్కల దగ్గరే నష్టం జరుగుతుంది. ధరలో కొలమానం, డెలివరీలో ఏ రోజు నుంచి లెక్క, చెల్లింపులో ఏ కాగితం చేతికొస్తే డబ్బు కదులుతుంది, ఈ మూడింటినీ మాట్లాడేవాళ్లు మింగేస్తారు. వినేవాళ్లు తమ మార్కెట్ అలవాటుతో ఆ ఖాళీ పూరించుకుంటారు. ఇద్దరూ తలూపుతారు, ఇద్దరి తలల్లోనూ వేర్వేరు ఒప్పందాలు ఉంటాయి. దుబాసీ కూడా తనకు తోచినట్టు ఆ ఖాళీని పూరిస్తే, అది ఎప్పటికో కంటైనర్ కదిలాక బయటపడుతుంది.

ఒక బేరాన్నే పట్టుకుని చూద్దాం. అంకెలన్నీ ఉదాహరణకే. తొడిమ తీసిన తేజ మిర్చి 28 టన్నులు, చెన్నై రేవు నుంచి ఇంగ్లండ్‌లోని ఫీలిక్స్‌స్టో రేవుకు వెళ్లాలి. అమ్మేవారి ధర టన్నుకు 2,150 డాలర్లు, ఎఫ్‌ఓబీ చెన్నై. అంటే చెన్నైలో సరుకు ఓడ ఎక్కించే దాకా ఖర్చు అమ్మేవారిది, అక్కడి నుంచి ఓడ కిరాయి, బీమా కొనేవారివి. మొత్తం విలువ 60,200 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 51,17,000 రూపాయలు.

మొదట ఈ చివరి అంకెనే చూడాలి. తెలుగు వ్యాపారి "యాభై ఒక్క లక్షా పదిహేడు వేలు" అంటాడు. ఇంగ్లీషులో అది ఫైవ్ మిలియన్ వన్ హండ్రెడ్ అండ్ సెవెన్టీన్ థౌజండ్. వినగానే మనసులో లక్షలను మిలియన్లుగా మార్చబోతే పదింతలు ఎక్కువో తక్కువో కావడం చాలా తేలిక. అనుభవం ఉన్నవాళ్లు మనసులో మార్చరు. అంకెలన్నీ కాగితం మీద వరసగా రాసి, కుడి నుంచి మూడేసి అంకెలకు గీత పెట్టి, ఆ గీతల ప్రకారం ఇంగ్లీషులో చదువుతారు. 5117000 రాసి 5,117,000 చేశాక తప్పు చదవడం కష్టం. సెవెన్టీనా సెవెంటీయా, ఫిఫ్టీనా ఫిఫ్టీయా అనే అనుమానం వస్తే, "వన్ సెవెన్" అని విడివిడి అంకెలుగా తిరిగి పలుకుతారు. ఇది చిన్నతనమేమీ కాదు. వాక్యంలో ఒక మాట జారిపోతే సందర్భాన్ని బట్టి పట్టుకోవచ్చు, అంకె జారిపోతే దాన్ని తిరిగి తెచ్చే సందర్భం ఏదీ ఉండదు. అందుకే అంకె చెవిన పడగానే, వింటున్న మిగతా వాక్యం కొంత తప్పిపోయినా సరే, ముందు దాన్ని రాసేయాలి.

"పావు తక్కువ పదిహేడు" లాంటి మాటలు యార్డు మనుషుల నోట మామూలుగా వస్తాయి. అంటే పదహారు వేల ఏడొందల యాభై. కుర్రవాళ్లయిన దుబాసీలు కొందరు దీని దగ్గర తడబడతారు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకు పావూ అరా ముప్పావూ నోటి లెక్కలు రాకపోవడం వాళ్ల తప్పు కాదు, కానీ మిర్చి బేరానికి వచ్చేముందు ఓ పూట యార్డులో నిలబడి వేలం పాట వినడం మేలు.

ఇక కొలమానం. అమ్మేవారు క్వింటాల్లో చెప్తే దుబాసీ దాన్ని టన్నుకు మార్చి చెప్పవచ్చా? పది పెట్టి గుణించడమే కదా అనిపిస్తుంది. రూపాయల్ని డాలర్లలోకి కూడా ఫోన్ తీసి మార్చేయవచ్చు. ఈ రెండూ చేయకపోవడమే మంచిదని ఈ వ్యాసం అభిప్రాయం. లక్షను హండ్రెడ్ థౌజండ్ అనడం భాష పని, అది దుబాసీ చేసి తీరాలి. క్వింటాలును టన్ను చేయడం, రూపాయిని డాలరు చేయడం మాత్రం వ్యాపారి పని. ఏ రోజు రేటు పట్టుకోవాలో, పైసల్ని ఎటు సర్దాలో ఆయన నిర్ణయించుకోవాలి. దుబాసీ లెక్కకట్టి చెప్పిన క్షణం నుంచి ఆ ధర దుబాసీ చెప్పిన ధర అవుతుంది. "క్వింటాలుకు పదహారు వేల అయిదొందలు" అని ఉన్నదున్నట్టు చెప్పి, "టన్నుకు డాలర్లలో ఎంతో మీరే చెప్తారా?" అని అమ్మేవారిని అడిగితే, ఆయనే కాలిక్యులేటర్ తీసి చెప్తారు. యార్డు ధరకూ ఎగుమతి ధరకూ మధ్య తొడిమ తీయించే కూలీ, తరుగు, ప్యాకింగ్, లారీ కిరాయి అన్నీ ఉన్నాయని కూడా అప్పుడు ఆయనకే గుర్తొస్తుంది.

ఇప్పుడు బేరం అసలు చోటికి వస్తుంది. కొనేవారు 2,050 అడిగారు. అమ్మేవారు కాసేపు ఆలోచించి, "ఆ రేటుకి మాకు గిట్టదండి. మొత్తం సరుకు మీరే తీసుకునేట్టయితే అయిదు తగ్గిస్తా" అన్నారు.

ఈ రెండు వాక్యాల్లో రెండు గుంటలున్నాయి. మొదటిది "గిట్టదు". దీన్ని ఇంగ్లీషులో "కుదరదు, అసాధ్యం" అనే అర్థం వచ్చేలా చెప్తే కొనేవారు ఫైలు మూసేస్తారు. "కొంచెం కష్టం" అన్నట్టు చెప్తే ఇంకా నొక్కవచ్చన్నమాట అనుకుంటారు. తెలుగు వ్యాపారి చెప్పింది ఈ రెండూ కాదు. ఈ ధరకు తనకు మిగలదని లెక్క చెప్పాడు, తలుపు మూయలేదు. ఇంగ్లీషులో కూడా ఈ బరువుకు సరిపోయే మాట ఉంది: ఆ ధరకు నా లెక్కలు కుదరడం లేదని చెప్పడం. పదం ఏదైనా, అమ్మేవారు ఎంత గట్టిగా అన్నారో అంతే గట్టిగా వెళ్లాలి. గొంతులో చిరాకు లేనప్పుడు దుబాసీ చిరాకు చేర్చకూడదు, ఉన్నప్పుడు తీసేయనూ కూడదు.

రెండో గుంట "అయిదు". అయిదు డాలర్లా, కిలోకు అయిదు రూపాయలా, అయిదు శాతమా? టన్నుకు అయిదు డాలర్లయితే మొత్తం మీద తగ్గేది 140 డాలర్లు. కిలోకు అయిదు రూపాయలయితే 28 టన్నులకు 1,40,000 రూపాయలు, అంటే దాదాపు 1,647 డాలర్లు. అయిదు శాతమయితే 3,010 డాలర్లు. దుబాసీకి మిర్చి వ్యాపారం బాగా తెలిస్తే కిలోకు అయిదు రూపాయలే అయ్యుంటుందని గట్టిగా అనిపిస్తుంది. కానీ అంతకుముందు నిమిషం దాకా మాట్లాడింది డాలర్లలో. ఇక్కడ తెలివితేటలు చూపించి ఊహించడం కంటే అమ్మేవారిని ఒక్క ముక్క అడగడం నయం.

అడిగే పద్ధతి ఒకటుంది. ముందు కొనేవారితో, "దుబాసీ ఒక అంకె గురించి స్పష్టత అడుగుతున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాలి. తర్వాత అమ్మేవారి వైపు తిరిగి "అయిదు అంటే దేని మీద అయిదండీ?" అని తెలుగులో అడగాలి. బేరమంతా దుబాసీ మాట్లాడేవారి గొంతుతో "నేను" అనే చెప్తారు: అమ్మేవారు "నేను తగ్గిస్తా" అంటే ఇంగ్లీషులోనూ "నేను తగ్గిస్తా" అనే వెళ్తుంది. తన సొంత మాట వచ్చినప్పుడు మాత్రం తనను తాను దుబాసీ అని చెప్పుకుంటారు. ఇలా చేయకపోతే ఇద్దరు తెలుగువాళ్లు కూడబలుక్కుంటున్నారని ఇంగ్లీషాయనకు అనుమానం వస్తుంది. అరనిమిషం అర్థంకాని భాషలో గుసగుసలు నడిస్తే ఎవరికైనా వచ్చే అనుమానమే అది.

ఆ అనుమానానికి చరిత్రలో కారణం లేకపోలేదు. 1639 ప్రాంతంలో మద్రాసు పట్నానికి బీజం పడ్డప్పుడు ఫ్రాన్సిస్ డే వెంట ఉన్న దుబాసీ బేరి తిమ్మన్న కాలం నుంచీ, కంపెనీ రోజుల్లో దుబాసీ అంటే మాట మార్చే మనిషి మాత్రమే కాదు, సరుకు కుదిర్చే దళారీ కూడా. రెండు పనులూ ఒకే మనిషివి. ఇప్పటికీ చాలా బేరాల్లో దుబాసీ స్థానంలో అమ్మేవారి మేనల్లుడో, కమీషన్ ఏజెంటో కూర్చుంటారు. అందులో తప్పేం లేదు, కానీ ఆ సంగతి మొదట్లోనే అవతలివారికి చెప్పాలి. వాటా ఉన్న మనిషి ఖాళీలను తనకు లాభించే వైపు పూరిస్తాడని కొనేవారు ముందే లెక్కలో పెట్టుకుంటారు.

ఇలాంటిదే ఇంకో చిక్కు. బేరం మధ్యలో అమ్మేవారు పక్కనున్న గుమాస్తాతో "ఇంకో ముప్పై దాకా దిగొచ్చు, కానీ ఇప్పుడే చెప్పకు" అంటారు. దుబాసీ విన్నారు. ఇది అనువదించాలా? దీనికి జవాబు అప్పటికప్పుడు వెతుక్కోకూడదు. బేరం మొదలవకముందే, "బల్ల దగ్గర పైకి అన్న ప్రతి మాటా రెండో భాషలోకి వెళ్తుంది, మీలో మీరు మాట్లాడుకోవాలంటే బయటికెళ్లి రండి" అని ఇద్దరికీ చెప్పి ఉంచాలి. అమ్మేవారే కిరాయికి పెట్టుకున్న దుబాసీ అయితే ఒప్పందం వేరుగా ఉండవచ్చు. అప్పుడూ అది ఇద్దరికీ తెలిసి ఉండాలి.

"అయిదు" కిలోకు అయిదు రూపాయలేనని తేలింది. అమ్మేవారే లెక్కేసి టన్నుకు 2,091 డాలర్లన్నారు. కొనేవారు 2,090కి ఒప్పుకున్నారు. మొత్తం 58,520 డాలర్లు. ఇక్కడ దుబాసీ చేయదగ్గ పని ఒకటుంది. ఒప్పుకున్న అంకెను తెల్లబోర్డు మీదో, ఇద్దరికీ కనిపించే కాగితం మీదో అంకెల్లో రాయించాలి: టన్నుకు ఎంత, ఏ కరెన్సీ, ఏ రేవు దాకా. రాయాల్సింది వ్యాపారులు, రాయమని సూచించేది దుబాసీ.

రేవు మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటి పొట్టి మాటలు అంతర్జాతీయ వాణిజ్య మండలి ఇన్‌కోటర్మ్స్ నియమావళిలోవి. ఆ నియమాలు మొదట 1936లో వచ్చాయి, ఇప్పుడు నడుస్తున్నవి 2020 నాటివి. దుబాసీ ఈ మాటల్ని విప్పి తెలుగులో చెప్పబోతే చిక్కుల్లో పడతారు. సీఐఎఫ్ ఫీలిక్స్‌స్టో అంటే ఓడ కిరాయి, బీమా అమ్మేవారు కట్టాలి. కానీ సరుకు పాడైతే నష్టం ఎవరిదనే బాధ్యత మాత్రం చెన్నైలో ఓడ ఎక్కగానే కొనేవారికి మారిపోతుంది. "అక్కడి దాకా మన ఖర్చే, మన పూచీయే" అని మంచి మనసుతో వివరించిన దుబాసీ అమ్మేవారి నెత్తిన లేని భారం పెట్టినట్టే. పొట్టి మాటను పొట్టి మాటగానే, రేవు పేరుతో కలిపి చెప్పాలి. అర్థం తెలియక ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నను అవతలి వ్యాపారికే అందించాలి.

డెలివరీ దగ్గర ఈ సంగతి మరింత ముదురుతుంది. అమ్మేవారు ఇలా అన్నారు: "మీ అడ్వాన్సు మా ఖాతాలో పడి, సంచుల మీద వేసే లేబుల్ డిజైను మీరు ఓకే చేశాక, ఆ రెండిట్లో ఏది ఆఖరిదైతే ఆ రోజు నుంచి ఇరవై రోజుల్లో ఎత్తేస్తాం."

తెలుగు వాక్యంలో షరతులన్నీ ముందు, మాట ఇవ్వడం చివర. ఇంగ్లీషులో మామూలుగా మాట ముందొచ్చి షరతులు వెనక వస్తాయి. కన్సెక్యూటివ్‌లో వాక్యమంతా విన్నాకే మొదలుపెడతారు కాబట్టి దుబాసీ హాయిగా ఇంగ్లీషు అలవాటు ప్రకారమే తిప్పి చెప్పవచ్చు: ఇరవై రోజుల్లో పంపుతాం, అయితే ఫలానా ఫలానా జరగాలి. వ్యాకరణం బాగుంటుంది. కానీ కొనేవారి కలాన్ని గమనించండి. "ట్వంటీ డేస్" అనే మాట వినగానే ఆయన డైరీలో 20 అని రాసుకుంటాడు. రాసేటప్పుడు చెవి సగమే పనిచేస్తుంది. తర్వాత వచ్చే రెండు షరతులూ ఆ సగం చెవిలో పడతాయి. అందుకని ఇక్కడ తెలుగు వరసే మేలు. ముందు డబ్బు, లేబుల్ అనే రెండూ జరగాలని చెప్పి, ఇరవై రోజుల్ని చివర పెట్టాలి. ఇంగ్లీషు అందుకు చక్కగా ఒప్పుకుంటుంది.

"ఎత్తేస్తాం" అన్నది ఎక్కడి నుంచి? అమ్మేవారి దృష్టిలో గోదాములో కంటైనర్ నింపి సీలు వేయడమే ఎత్తడం. కొనేవారి దృష్టిలో డెలివరీ అంటే ఫీలిక్స్‌స్టోలో కంటైనర్ దిగడం. మధ్యలో చెన్నై దాకా రోడ్డు, కస్టమ్స్, ఓడ దొరికే రోజు, ఆపైన సముద్ర ప్రయాణం ఉన్నాయి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, ప్రయాణం మరో పది పదిహేను రోజులు సాగింది. "డెలివరీ" అనే ఒకే మాట రెండు భాషల్లోనూ ఒకేలా పలుకుతారు కాబట్టి దుబాసీకి అనువదించే శ్రమ ఉండదు. ప్రమాదమూ అక్కడే. అనువదించనక్కర్లేని మాట దగ్గర ఎవరూ ఆగరు. ఇక్కడ అడగాల్సింది ఒకటే: ఇరవయ్యో రోజున సరుకు ఎక్కడ ఉంటుంది? గోదాము గేటు దగ్గరా, చెన్నైలో ఓడ మీదా, ఇంగ్లండ్ రేవులోనా? ఎగుమతి వ్యాపారంలో సాధారణంగా పట్టుకునేది బిల్ ఆఫ్ లేడింగ్ మీద, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రశీదు మీద, ఓడ ఎక్కినట్టు ఉన్న తేదీ.

రోజుల మాటల్లో తెలుగుకు ఒక తీరుంది. "వారం పది రోజులు", "నాలుగైదు వారాలు", "నెలాఖరుకి" అంటాం. అంచనా అంచనాగానే వెళ్లాలి. "వారం పది రోజులు"ను ఇంగ్లీషులో "పది రోజులు" అని గట్టిపరచకూడదు. దుబాసీ దాన్ని ఉన్నదున్నట్టు వదులుగానే చెప్తే, కొనేవారే "అంటే గడువు పదేనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఆయన నుంచి రావడమే సరైనది.

ఇదే వదులు మాట తర్వాత లెటర్ ఆఫ్ క్రెడిట్‌లోకి, అంటే అందరూ ఎల్‌సీ అనే బ్యాంకు పూచీ పత్రంలోకి ఎక్కితే కథ మారుతుంది. ఎల్‌సీలు 2007 జులై నుంచి యూసీపీ 600 అనే నియమాల కింద నడుస్తున్నాయి. అందులో నెల "చివర" అంటే 21వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా. తెలుగువాడి నెలాఖరు ఇరవై ఎనిమిదో ముప్పయ్యో, బ్యాంకు నెలాఖరు ఇరవై ఒకటికే మొదలవుతుంది. ఉత్సాహంగా 18నే ఓడ ఎక్కించినా ఆ లెక్కన తేడా కిందే పట్టుకోవచ్చు. "సుమారు 28 టన్నులు" అనే మాట కూడా అక్కడ ఊరికే పోదు. పరిమాణం ముందు సుమారు అని ఉంటే పది శాతం అటూ ఇటూ, అంటే 25.2 నుంచి 30.8 టన్నుల దాకా చెల్లుతుంది. కానీ మొత్తం డబ్బు ముందు సుమారు లేకపోతే డబ్బు పెరగదు, ఎక్కువ పంపిన సరుకుకు బ్యాంకు ఎక్కువ ఇవ్వదు. "వీలైనంత త్వరగా" లాంటి మాటల్ని ఆ నియమాలు లెక్కలోకే తీసుకోవు. తెలుగు వ్యాపారి అలవాటుగా అనే "ఓ ఇరవై ఎనిమిది టన్నులు"లోని ఆ "ఓ" ఇంగ్లీషులో "అబౌట్"గా వెళ్లి, అక్కడి నుంచి ఎల్‌సీలో కూర్చోవడం జరగరానిదేం కాదు. ఆ "ఓ" ఊతపదమా, నిజంగా అంచనాయేనా అనేది అడిగి తెలుసుకోవాలి.

చెల్లింపు దగ్గర కొనేవారి మాట: ముప్పై శాతం అడ్వాన్సు, మిగతా డెబ్బై "ఎగెనెస్ట్ డాక్యుమెంట్స్". అంటే అడ్వాన్సు 17,556 డాలర్లు, మిగిలింది 40,964. దుబాసీ "డాక్యుమెంట్లు ఇచ్చాక డెబ్బై శాతం" అని తెలుగులో చెప్పారు. అమ్మేవారు సరే అనబోయారు.

ఆ ఇంగ్లీషు మాటకు వ్యాపారంలో కనీసం రెండు అర్థాలున్నాయి. ఒకటి, సరుకు ఓడ ఎక్కాక బిల్ ఆఫ్ లేడింగ్ స్కాన్ కాపీని ఈమెయిల్‌లో పంపితే, కొనేవారు డెబ్బై శాతం పంపుతారు, అది చేరాక అమ్మేవారు ఒరిజినల్ కాగితాలు కొరియర్ చేస్తారు. రెండోది, ఒరిజినల్ కాగితాలు బ్యాంకు ద్వారా కొనేవారి బ్యాంకుకు వెళ్తాయి, డబ్బు కడితేనే ఆ బ్యాంకు కాగితాలు చేతికిస్తుంది. మామూలు బిల్ ఆఫ్ లేడింగ్ ఒరిజినల్ ఎవరి చేతిలో ఉంటే రేవులో సరుకు విడిపించుకునే హక్కు వారిది కాబట్టి, రెండు పద్ధతుల్లోనూ డబ్బు రాకముందు సరుకు చేయిజారదు. ఇక "డాక్యుమెంట్లు ఇచ్చాక" అన్న తెలుగు మాట మూడో అర్థం కూడా ఇస్తుంది: ఒరిజినల్సే ముందు కొనేవారికి నేరుగా పంపేయాలి, డబ్బు తర్వాత వస్తుంది. అమ్మేవారికి ప్రాణాంతకమైన అర్థం అదే. ఇంగ్లీషులో ఉన్న రెండర్థాలు తెలుగులోకి వచ్చేసరికి మూడయ్యాయి, కొత్తది దుబాసీ పుణ్యమే. దీన్ని ఆపాలంటే "కాగితాలకు బదులుగా" అన్నట్టు, ఇచ్చిపుచ్చుకోవడం ఒకేసారి జరిగే అర్థంతో తేవాలి. వెంటనే "స్కాన్ కాపీకా, బ్యాంకు ద్వారా ఒరిజినల్స్‌కా?" అనే ప్రశ్న కొనేవారికి వెళ్లాలి.

ఆ సమయంలో దుబాసీ నోట్‌బుక్‌లో ఇలా ఉంటుంది:

28 ట, తేజ, తొ.తీ.
$2090/ట → ఎఫ్‌ఓబీ చెన్నై
30 ముందు
70 ↔ కాగితాలు ?? (కాపీ / ఒరి)
(డబ్బు + లేబుల్) → 20 రో → ఓడ ??

ఇందులో వాక్యాలు లేవు. ఏది ముందు ఏది తర్వాత అనేది బాణాలు చెప్తాయి, ప్రతి అంకె పక్కనా దాని కొలమానం ఉంటుంది. రెండు ప్రశ్నార్థకాలున్న చోట ఇంకా తేలలేదని అర్థం. ఒక మనిషి మాట ముగిసిన చోట అడ్డంగా గీత గీస్తారు. భాష ఏదైనా ఫర్వాలేదు, చాలామంది రెండు భాషలూ కలిపి రాస్తారు. సభా ప్రసంగంలో రెండు మూడు నిమిషాలు ఆగకుండా వినిపించినా మోయవచ్చు గానీ, షరతుల దగ్గర ఒక్కో అంశానికీ ఆగమని ముందే చెప్పుకోవాలి. ధర, గడువు, డబ్బు మూడూ ఒకే ఊపులో వచ్చేస్తే ఎంత మంచి నోట్సయినా మధ్యలోదాన్ని పోగొట్టుకుంటుంది.

అరువు ఇచ్చేట్టయితే మరో ప్రశ్న. కొనేవారు తొంభై రోజుల గడువు అడిగారనుకుందాం. "మూడు నెలలు" అని తెలుగులో చెప్పకూడదు. తొంభై రోజులు తొంభై రోజులే, మూడు నెలలు కొన్నిసార్లు తొంభై రెండవుతాయి. ఆ తొంభై బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచా, సరుకు చేరిన రోజు నుంచా అన్నది అంతకంటే పెద్ద తేడా. చేరిన రోజు నుంచయితే సముద్ర ప్రయాణమంతా అమ్మేవారి ఖాతాలో వడ్డీ లేని అరువు కింద కలుస్తుంది.

ఈ బేరంలో అరువు లేదు. బ్యాంకు ద్వారా ఒరిజినల్స్ అని తేలింది. మర్నాడు ప్రొఫార్మా ఇన్వాయిస్, అంటే అసలు బిల్లుకు ముందు షరతులన్నీ రాసే కాగితం, ఇంగ్లీషులో తయారై వచ్చింది, అమ్మేవారు సంతకం చేసేముందు దుబాసీ దాన్ని చూస్తూ తెలుగులో చదివి వినిపించాలి. డెలివరీ దగ్గర కాగితం మీద ఉన్నది "20 రోజులు" అంతే. డబ్బు, లేబుల్ రెండూ లేవు. నిన్నటి మాటలు దుబాసీకి గుర్తున్నాయి, నోట్స్‌లోనూ ఉన్నాయి. అయినా చదివేటప్పుడు వాటిని కలపకూడదు, "నిన్న ఇలా అనుకున్నారు కదా" అనీ అనకూడదు. కాగితం మీద ఉన్నంతే, ఉన్న వరసలోనే, తొందరపడకుండా చదవాలి. "డెలివరీ: ఇరవై రోజులు" అని చదివి, తర్వాతి పంక్తికి వెళ్లేముందు కాస్త ఆగితే చాలు. అమ్మేవారు కలం కింద పెట్టి "ఎప్పటి నుంచి ఇరవై?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అలాగే ఇంగ్లీషులోకి వెళ్తుంది, ఇన్వాయిస్‌లో ఇంకో రెండు పంక్తులు చేరతాయి.